అమ్మమ్మ ట్రంకు పెట్టె మీద పిల్లల కథ: డెబ్బై పిక్కల్లో ఒక బొత్తాం

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. మా అమ్మ దగ్గరున్న పాత ట్రంకు పెట్టె మీద వాడి కోసం ఓ చిన్న కథ రాస్తున్నాను. పెట్టెలోంచి కాసులు, గవ్వలు, ఉత్తరాలు, కుంకుమ భరిణె ఒక్కొక్కటే తీస్తూ అమ్మమ్మ వాటి గురించి చెబుతుంది. రెండు పేజీలు చదివేసరికి వాడికి బోర్ కొట్టి లేచిపోయాడు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు:

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు కథలు రాస్తున్నాను, బళ్ళకు వెళ్ళి చదివి వినిపిస్తున్నాను. పెట్టె కథ నేనూ రాశాను, మొదటిసారి నాకూ అచ్చం ఇలాగే జరిగింది. ఆ కథలో తొమ్మిది వస్తువులు పెట్టాను. మూడో వస్తువు దగ్గర పిల్లలు పక్కవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టారు.

మీ వస్తువుల్లో ఏ తప్పూ లేదు. కాకపోతే అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. కాసు తీసింది, చెప్పింది. గవ్వ తీసింది, చెప్పింది. ఈ మాటలు వింటున్న పిల్లవాడు కథలో ఏం చేస్తున్నాడు? కూర్చుని చూస్తున్నాడు, అంతే. వాడికి కావలసింది ఏదీ లేదు, పోయేదీ లేదు. మూడో వస్తువు తీసేసి నాలుగోది ముందుకు తెచ్చినా మీ కథలో ఏమీ మారదు. కథ జాబితా అయిపోయిందని నేను గుర్తుపట్టేది ఇలాగే. ఏదైనా రెండు వస్తువుల వరస మార్చి చదివి చూడండి. ఏ తేడా రాకపోతే అది ఇంకా కథ కాలేదన్నమాట.

అందుకని ఒక్క వస్తువు తీసుకోండి. అది ఎంత చవకదైతే అంత మంచిది. గొలుసు, వెండి భరిణె లాంటివి పోతే ఎవరైనా వెతుకుతారు. వాటికి విలువ ఉందని పిల్లలకు ముందే తెలుసు కాబట్టి అక్కడ తెలుసుకోవలసింది ఏమీ మిగలదు. పిల్లవాడు చెత్త అనుకుని పారేసే వస్తువు కోసం అమ్మమ్మ వెతికితే, "ఎందుకు?" అన్న ప్రశ్న వాడి మనసులో దానంతట అదే పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టాకే జవాబు చెప్పాలి. నా తొమ్మిది వస్తువుల కథలో నేను జవాబులన్నీ ముందే చెప్పేశాను.

వస్తువు ఎంచుకునే ముందు అమ్మమ్మ వయసు లెక్క వేసుకోండి. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. ఇప్పుడు రెండో తరగతి చదివే పిల్లలకు ఏడేళ్ళుంటాయి. వాళ్ళ అమ్మమ్మలకు అటూ ఇటూగా అరవై, అరవై రెండు. అంటే 1960 తర్వాత పుట్టినవాళ్ళు. కానీ మన కథల్లో అమ్మమ్మలు ఇంకా "మా చిన్నప్పుడు అణాకు బోలెడు శనగలు వచ్చేవి" అంటూనే ఉంటారు. రూపాయికి పదహారు అణాలన్న లెక్క పోయి, వంద పైసల లెక్క వచ్చింది 1957 ఏప్రిల్ 1న. పావలా, చారానా లాంటి మాటలు ఆ తర్వాత కూడా చాలాకాలం నోళ్ళలో ఉన్నాయి. అణాలు, కానులు ఖర్చుపెడుతూ పెరిగింది మాత్రం ఈ అమ్మమ్మ కాదు, ఆవిడ తల్లి. 1943 నుంచి 1947 వరకు వచ్చిన నడిమి చిల్లుతో రాగి రంగులో ఉండే కాని నాణెం కూడా ఆ పెద్దావిడ కాలానిదే. అది పెట్టెలో ఉండొచ్చు, కానీ "మా అమ్మ దాచింది" అని అమ్మమ్మ చెప్పాలి.

మరి ఈ అమ్మమ్మ చేతిలో నిజంగా ఆడినవి ఏవి? తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసలు. అవి 1968 నుంచి 1971 వరకు వచ్చాయి. బంగారంలా పచ్చగా మెరుస్తాయని, మీద తామరపువ్వు ఉందని చాలా ఇళ్ళలో లక్ష్మీపూజకు దాచుకున్నారు. చదరంగా, తేలిగ్గా ఉండే అల్యూమినియం ఐదు పైసలు ఇంకొకటి. నీలం రంగు ఇన్లాండ్ ఉత్తరాలు, సుద్దముక్కలు, చింతపిక్కలు, స్టూడియోలో దిగిన ఒక్క ఫోటో. మీ అమ్మగారు ఏ సంవత్సరంలో పుట్టారో కాగితం మీద రాసుకుని, ఆవిడకు ఏడేళ్ళు ఎప్పుడో చూసుకోండి. వస్తువు ఆ ఏడాదికి సరిపోవాలి. పిల్లలకు ఈ తేడా తెలియదు, నిజమే. కానీ కథ చదివి వినిపించేది ఇంట్లో పెద్దవాళ్ళే. తప్పు తగలగానే అమ్మమ్మే "మా రోజుల్లో ఇలా లేదే" అని ఆపేస్తుంది.

నేను చివరికి చింతపిక్కలు ఎంచుకున్నాను. వామనగుంటల ఆటలో ఇద్దరికీ చెరో ఏడు గుంటలు ఉంటాయి. ఎన్నేసి పిక్కలు పోయాలన్నది ఊరిని బట్టి మారుతుంది. నా కథలో గుంటకు ఐదు. అంటే పద్నాలుగు ఐదులు డెబ్బై. ఏడేళ్ళ పిల్లలు పదుల్లో లెక్కపెట్టడం అప్పుడే నేర్చుకుంటూ ఉంటారు కాబట్టి ఆ లెక్క వాళ్ళకు అందుతుంది. లెక్క ఉన్నచోట లోటు కూడా కనిపిస్తుంది. కథ మొత్తం ఆ లోటులోంచే పుట్టింది. పూర్తిగా ఇక్కడ పెడుతున్నాను, చదివాక మిగతాది మాట్లాడుకుందాం.

సెలవుల్లో సిరి అమ్మమ్మ ఊరికి వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ లేదు. ఫ్యాను లేదు.

"అమ్మమ్మా, ఏం తోచట్లేదు."

అమ్మమ్మ మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగింది. అది గర్ర్ గర్ర్ అంటూ వచ్చింది. గొళ్ళెం తీస్తే టక్ మంది. మూత ఎత్తితే కిర్ర్ మంది. ఎండిన వేపాకు వాసన గుప్పుమంది.

పైన ఒక పట్టుచీర. చీర కింద ఒక ఫోటో. ఫోటో కింద ఒక గుడ్డసంచి.

"ఇవి వామనగుంటల పిక్కలు. డెబ్బై ఉండాలి. లెక్కపెట్టి ఉంచు, ఎండ తగ్గాక ఆడుకుందాం" అని అమ్మమ్మ పడుకుంది.

సిరి అరుగు మీద కూర్చుంది. పదేసి పిక్కలు ఒక కుప్ప పెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు కుప్పలు. ఏడో కుప్పలో తొమ్మిదే వచ్చాయి.

సంచి దులిపింది. టప్ మని ఒక బొత్తాం పడింది. తెల్ల బొత్తాం. అంచు విరిగింది. నాలుగు చిల్లులు. ఒక చిల్లులో నీలం దారం ముక్క.

"పిక్కల్లో బొత్తాం ఏంటి!"

సిరి దాన్ని వాకిట్లోకి విసిరేసింది. వంటింట్లోకి వెళ్ళి చింతపండులోంచి ఒక పిక్క తీసింది. కడిగింది. తుడిచింది. ఏడో కుప్పలో పెట్టింది. ఇప్పుడు పది!

సాయంత్రం అమ్మమ్మ సుద్దముక్కతో అరుగు మీద గుంటలు గీసింది. ఇటు ఏడు, అటు ఏడు. ఒక్కో గుంటలో ఐదేసి పిక్కలు పెట్టింది. చివరి గుంట దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"సిరీ, ఇందులో బొత్తాం ఉండాలే?"

"పారేశా అమ్మమ్మా. దాని బదులు కొత్త పిక్క వేశాగా!"

అమ్మమ్మ ఏమీ అనలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచింది. మెట్లు దిగింది. వాకిట్లో నడుం వంచి వెతకసాగింది.

సిరికి కడుపులో ఏదోలా అయింది. "నువ్వు కూర్చో అమ్మమ్మా, నేను వెతుకుతా" అంది.

తులసికోట చుట్టూ చూసింది. లేదు. నీళ్ళ తొట్టి వెనక చూసింది. లేదు. చీపురు కింద చూసింది. లేదు. చీకటి పడబోతోంది.

సిరి ఆగింది. ఆలోచించింది. పరుగున అరుగెక్కింది. మధ్యాహ్నం కూర్చున్నచోటే కూర్చుంది. కొత్త పిక్క చేతిలోకి తీసుకుంది. మధ్యాహ్నం విసిరినట్టే విసిరింది.

పిక్క వెళ్ళి జామచెట్టుకు తగిలింది. దొర్లింది. దొర్లి దొర్లి మల్లెపాదులో పడింది.

సిరి పాదు దగ్గరకు పరిగెత్తింది. తడిమట్టిలో పిక్క ఉంది. పిక్క పక్కనే, తెల్లగా, బొత్తాం!

రెండూ కడిగి తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. అమ్మమ్మ బొత్తాన్ని పైటచెంగుతో తుడిచింది.

"నాకు నీ అంత ఉన్నప్పుడు ఒక పిక్కను కాకి ఎత్తుకుపోయింది. ఆట ఆగిపోయిందని ఏడ్చాను. మా తమ్ముడు చొక్కా బొత్తాం పీకి గుంటలో వేశాడు. 'ఆడక్కా' అన్నాడు."

"తర్వాత?"

"బొత్తాం పీకినందుకు మా అమ్మ వాడికి రెండు వేసింది."

"ఆటలో ఎవరు గెలిచారు?"

"వాడే."

సిరి బొత్తాన్ని గుంటలో పెట్టింది. కొత్త పిక్క తీసి పారెయ్యబోయింది.

"ఉండనీ" అంది అమ్మమ్మ.

పది రోజుల తర్వాత చిన్న తాతయ్య వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. వస్తూనే "అక్కా, పిక్కలు తియ్యి" అన్నాడు. అరుగు మీద సంచి బోర్లించాడు. పదేసి చొప్పున కుప్పలు పెట్టాడు. బొత్తాం కనపడగానే నవ్వాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"డెబ్బై ఒకటి ఉన్నాయేంటి? ఈ మెరిసే పిక్క ఎవరిది?"

"నాది" అంది సిరి.

కథ ఇంతే. గట్టిగా చదివితే ఐదు నిమిషాల్లోపు అయిపోతుంది. ఏడేళ్ళ పిల్లలకు ఒక్క కూర్చోడంలో అంతకంటే పొడవు వద్దు.

ఇది ఒక్కసారిగా ఇలా రాలేదు. మొదట రాసినప్పుడు సంచి తీయగానే బొత్తాం సంగతంతా అమ్మమ్మ చేత చెప్పించాను. తమ్ముడు, కాకి, చొక్కా అన్నీ అక్కడే. ఒక బడిలో చదివితే పిల్లలు మర్యాదగా విన్నారు, అంతే. తర్వాత అదే సంగతిని ఒక్క మాట కూడా మార్చకుండా బొత్తాం దొరికాక పెట్టాను. ఈసారి అమ్మమ్మ వాకిట్లోకి దిగగానే గది నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలోంచి ఒక బాబు "కోడి మింగేసిందేమో" అని టెన్షన్ పడ్డాడు. బొత్తాం ఎందుకంత ముఖ్యమో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే వాళ్ళు సిరితో కలిసి వెతికారు.

రెండో మార్పు ఒక పాప వల్ల వచ్చింది. పాత కథలో సిరి వెతికి వెతికి చివరికి బొత్తాం దొరికించుకుంటుంది. "ఎలా దొరికింది?" అని ఆ పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాకు అవసరమైంది కాబట్టి దొరికింది! పిల్లలు ఇలాంటిచోట అసలు ఒప్పుకోరు. పోయిన వస్తువు సిరి తెలివితోనే దొరకాలి. ఆ తెలివి కూడా ఏడేళ్ళ పిల్లకు తట్టేదిగా ఉండాలి. రెండు మూడు రోజులు ఆలోచించాక, విసిరినచోటు నుంచే మళ్ళీ విసిరి చూడటం తట్టింది. ముందు రాయి విసిరించాను. తర్వాత ఆ కొత్త పిక్కే ఉండగా రాయి ఎందుకనిపించింది. అలా బొత్తాన్ని బయటకు నెట్టిన పిక్కే దాన్ని వెతికిపెట్టింది. కాబట్టి చివర్లో దానికి సంచిలో చోటు దక్కింది. ఆ ముగింపు నేను ముందు అనుకున్నది కాదు.

మీ అమ్మమ్మ పాత్ర మాట్లాడేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. నా కథలో అమ్మమ్మ పాత సంగతి ఒక్కచోటే, నాలుగైదు చిన్న వాక్యాల్లో చెబుతుంది. మిగతాదంతా సిరి అడిగితేనే వస్తుంది. "ఇది నా ప్రాణం", "మా తమ్ముడి ప్రేమ గుర్తు" లాంటి మాటలు ఎక్కడా లేవు. మోకాళ్ళు నొప్పెట్టే మనిషి మెట్లు దిగి నడుం వంచితే చాలు, పిల్లలు గ్రహిస్తారు. సిరిని తిట్టించలేదు కూడా. తిడితే పిల్లలు తిట్టు గురించే ఆలోచిస్తారు, బొత్తాన్ని మరిచిపోతారు.

మీరు రాసుకున్న కాసులు, ఉత్తరాలు వృథా పోవు. నా కథలో పట్టుచీర, ఫోటో ఒక్కో వాక్యంలో దాటిపోయాయి చూడండి, మీవీ అలా దాటిపోవచ్చు. పెట్టె నిండుగా ఉన్నట్టు తెలియాలి, తెరిచి చూపించేది మాత్రం ఒకటే.

ఇక జాగ్రత్త విషయం. దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పెట్టె అనగానే అందరికీ కలరా ఉండల వాసన గుర్తొస్తుంది. "పిప్పరమెంటు బిళ్ళల్లా తెల్లగా ఉన్నాయి" అని రాసిన కథలు నేను చూశాను. నాఫ్తలీన్ ఉండ ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కొంతమంది పిల్లల్లో అది మరీ ఎక్కువ. కథ విన్న పిల్లవాడు రేపు నిజం పెట్టె తెరుస్తాడు కదా. అందుకే నేను ఎండిన వేపాకు పెట్టాను, అది కూడా పాత పెట్టెల్లో నిజంగా ఉండేదే. గురివింద గింజలూ అంతే. ఎరుపు, నలుపు కలిసి బొమ్మకు ఎంత అందంగా ఉన్నా, వాటిని నమిలితే లోపలున్నది గట్టి విషం. దండ గుచ్చడానికి చిల్లు పెట్టిన గింజ ఇంకా ప్రమాదం. మీ కథలో గురివిందలు తప్పనిసరి అయితే అమ్మమ్మ చేతిలోనే ఉంచండి, పిల్లవాడి చేతికి ఇవ్వకండి. ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళు ఉంటే చింతపిక్కలు, బొత్తాలు కూడా వాళ్ళకు అందనివ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

మాటల గురించి ఒక్క సంగతి. కొందరు దీన్ని "ఇనప్పెట్టె" అని రాస్తారు. ఆ మాట వినగానే పెద్దవాళ్ళకు డబ్బు, నగలు దాచే బరువైన పెట్టె గుర్తొస్తుంది, షావుకారు ఇంట్లో ఉండేది. మీది రేకుతో చేసిన ట్రంకు పెట్టె. మీ ఇంట్లో దాన్ని సందూక అంటారా? అయితే అలాగే రాయండి. బొత్తాన్ని గుండీ అంటే గుండీ, పిక్కల్ని గింజలంటే గింజలు. బాబుకు అమ్మమ్మ నోట వినపడే మాటే పుస్తకంలోనూ కనపడాలి. గర్ర్, టక్, కిర్ర్ లాంటి చప్పుళ్ళు మాత్రం మీ అమ్మగారి పెట్టెను నిజంగా లాగి, విని రాయండి. తుప్పు పట్టిన బందుల చప్పుడు వేరు, నూనె వేసినవాటి చప్పుడు వేరు.

పెట్టె తెరిచినప్పుడు మీ అమ్మగారిని "ఇందులో నీకు ఏది ఇష్టం?" అని అడగకండి. ఆ ప్రశ్నకు పట్టుచీరో, నాన్నగారి ఫోటోనో చూపిస్తారు. "ఇందులో ఏది మేం చూడకుండా పారేస్తామని నీకు భయం?" అని అడిగి, ఆవిడ చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి.